ఇరవై రెండో ప్రశ్న

భయమేస్తే ఏడ్చేవాళ్ళుంటారు, దేవుడికి మొక్కుకునేవాళ్ళుంటారు. నాకు మాత్రం కోపమొస్తుంది. ఆ ఉదయం ఉద్యోగ పరీక్ష ప్రాథమిక కీ విడుదలైందని ఫోన్‌కి మెసేజ్ రాగానే పాలగిన్నె మీద అరిచాను. గిన్నె నన్నేమీ అనలేదు. పాలు కూడా పొంగలేదు. అయినా అరిచాను.

అరవనా మరి? వచ్చే నెలకి నాకు ముప్ఫై ఐదు నిండుతాయి. ఆ పరీక్షకి వయసు హద్దు అదే. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఏడేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం చేస్తున్నాను. పర్మినెంట్ కావాలంటే ఇదొక్కటే దారి. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ఒక్క చోటే బోర్లా పడ్డాను. క్రిటికల్ రీజనింగ్ అనే విభాగం. ముప్ఫై ప్రశ్నలు. సరైన జవాబుకి ఒక మార్కు, తప్పుకి పావు మార్కు కోత, వదిలేస్తే ఏమీ లేదు. పద్దెనిమిది దాటితేనే మిగతా మార్కులు చూస్తారు. దాటకపోతే మిగతావాటిలో నూటికి నూరొచ్చినా ఇంటికే.

ఇందులో అన్నిటికంటే నన్ను ఏడిపించినవి ఒక రకం ప్రశ్నలు. ఒక చిన్న పేరా ఇస్తారు. రచయిత ఏదో వాదిస్తాడు. కింద నాలుగు వాక్యాలిచ్చి, వీటిలో ఏది నిజమైతే రచయిత వాదన బలహీనపడుతుందో చెప్పమంటారు. మా ఇంట్లో నన్ను లాయరమ్మ అంటారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అలాంటిదాన్ని, ఎదుటివాడి వాదన పడగొట్టే ప్రశ్నల్లోనే ప్రతిసారీ ఫెయిలయ్యాను. ఇంతకంటే తలవంపులు ఏముంటాయి?

ఎందుకు ఫెయిలవుతున్నానో కనిపెట్టింది మా ఆడపడుచు. దాన్ని ఇంట్లో బుడంకాయ అంటాం. ఇరవై ఆరేళ్ళు, పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. బుర్ర మాత్రం పాదరసం. అదీ ఈసారి అదే పరీక్ష రాసింది, మొదటిసారి. నాలుగు నెలలపాటు ఉదయాన్నే ఇద్దరం వంటగది గడప దగ్గర చాప వేసుకుని చదివాం.

"వదినా, నువ్వు రచయితతో పోట్లాటకి దిగుతున్నావు. నీకు నచ్చిన వాక్యం వెతుక్కుంటున్నావు. ఇక్కడ నీ అభిప్రాయం ఎవడడిగాడు?" అనేది.

"వాడు చెప్పేది అబద్ధమైతే?"

"వాడు చూపించిన ఆధారం నిజమేననుకో. దాని జోలికి పోకు. ఆధారం నుంచి ముగింపుకి వాడు ఎక్కడ గెంతాడో చూడు. ఆ గెంతిన చోట గొయ్యి చూపించే వాక్యమే జవాబు. వాడి మాట పూర్తిగా అబద్ధమని రుజువు చెయ్యక్కర్లేదు. అనుమానం పుట్టిస్తే చాలు."

ఒకసారి ఇలాంటిదే ఇచ్చింది. లైబ్రరీ గంట ముందు తెరవడం మొదలెట్టాక కాలేజీ ఫలితాలు మెరుగయ్యాయి కాబట్టి అది లైబ్రరీ పుణ్యమే అంటాడు రచయిత. 'పొద్దున్నే లేవడం చాలామంది విద్యార్థులకి ఇష్టం ఉండదు' అన్న వాక్యానికి నేను టిక్కు పెట్టాను. అది నుదురు కొట్టుకుంది. "ఇష్టం లేకపోతే ఏం, వచ్చి చదువుకుని ఉండొచ్చుగా! 'అదే నెలలో కాలేజీవాళ్ళు అదనపు క్లాసులు పెట్టారు' అన్నది చూడు. ఫలితాలు మెరుగవడానికి ఇంకో కారణం దొరికింది. లైబ్రరీ మీద అనుమానం పుట్టింది. అదీ దెబ్బంటే!" అంది.

అలా కొట్టుకుంటూ, తిట్టుకుంటూ నేర్చుకున్నాను. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నదాని చేత మొట్టికాయలు తిని నేర్చుకున్నాను.

కీ వచ్చిన ఉదయం అత్తగారు కూరగాయలు తరుగుతున్నారు. మా ఆయన బస్సు డ్రైవరు, తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళిపోయాడు. బుడంకాయ లాప్‌టాప్ మంచం మీద పెట్టి, ముందు తన జవాబులున్న రెస్పాన్స్ షీట్ తెరిచింది. ఒక్కొక్కటే కీతో సరిచూసుకుని వేళ్ళు లెక్కపెట్టింది. ఇరవై ఒప్పు, ఆరు తప్పు, నాలుగు వదిలేసినవి. పద్దెనిమిదిన్నర.

"అమ్మా! దాటేశానే!" అని గెంతింది. అత్తగారు కత్తిపీట పక్కకి నెట్టి పరిగెత్తుకొచ్చి దాని బుగ్గలు పుణికారు. నేనూ వాటేసుకున్నాను. వాటేసుకున్న చేతులు చల్లగా ఉన్నాయని నాకే తెలుస్తోంది.

తర్వాత నాది తెరిచాం. నేను తెర వైపు చూడలేదు. గోడకున్న మేకు వైపు చూస్తూ కూర్చున్నాను. బుడంకాయ లెక్కపెడుతున్న గొంతు మెల్లగా తగ్గిపోయింది.

"పందొమ్మిది ఒప్పు. ఏడు తప్పు."

పందొమ్మిదిలోంచి ఒకటీ ముప్పావు తీసేస్తే పదిహేడుంబావు. ముప్పావు మార్కు తక్కువ. ఒక్క ప్రశ్న. ఆ ఒక్కటి ఒప్పయి ఉంటే ఒక మార్కు కలిసేది, పావు కోత తప్పేది, సరిగ్గా పద్దెనిమిదిన్నర అయ్యేది. ఇక జన్మలో ఆ పరీక్ష రాయలేను. వచ్చే ఏడాది ఆఫీసువాళ్ళు నా కాంట్రాక్టు పొడిగించకపోతే అడిగే దిక్కు లేదు.

"ఏడు తప్పులూ చూపించు" అన్నాను.

ఆరు నిజంగానే తప్పులు. చూడగానే తెలిసిపోయింది. ఏడోది ఇరవై రెండో ప్రశ్న. అదిలా ఉంది:

'ఒక ఫ్యాక్టరీలో గత ఏడాది ప్రమాదాలు సగానికి తగ్గాయి. తాము కొత్తగా పెట్టిన హెచ్చరిక గంటల వల్లే ఇది సాధ్యమైందని యాజమాన్యం చెప్పుకుంటోంది. కానీ అదే ఏడాది అక్కడి షిఫ్టులన్నీ పన్నెండు గంటల నుంచి ఎనిమిది గంటలకు తగ్గాయి. కాబట్టి ప్రమాదాలు తగ్గడానికి అసలు కారణం కార్మికులకు అదనంగా దొరికిన విశ్రాంతి.'

రచయిత వాదనను అన్నిటికంటే ఎక్కువగా బలహీనపరిచేది ఏది? ఎ: గంటల మోత చిరాకు పుట్టిస్తోందని చాలామంది కార్మికులు అంటున్నారు. బి: గంటలు ఇంకా పెట్టని విభాగాల్లో కూడా ప్రమాదాలు అంతే తగ్గాయి. సి: షిఫ్టు తగ్గినప్పటి నుంచి చాలామంది కార్మికులు ఆ మిగిలిన నాలుగు గంటలూ వేరే చోట కూలిపనికి వెళ్తున్నారు. డి: పొరుగు ఫ్యాక్టరీలో గత ఏడాది ప్రమాదాలు తగ్గలేదు.

నేను సి పెట్టాను. కీలో బి ఉంది.

"బి ఎలా అవుతుంది?" అన్నాను.

"బినే వదినా. నేనూ అదే పెట్టాను. గంటలు లేని చోట కూడా ప్రమాదాలు తగ్గాయంటే కారణం గంటలు కావన్నమాటే కదా. కారణం లేకుండానే ఫలితం వచ్చింది. ఇంతకంటే పెద్ద దెబ్బేముంది?" అంది బుడంకాయ.

"మరి సి?"

"సి పేరాలో లేని సంగతి. ఫ్యాక్టరీ బయట వాళ్ళేం చేసుకుంటే మనకెందుకు? మళ్ళీ నీ పాత జబ్బే. కూలివాళ్ళ మీద జాలిపడి పెట్టేసి ఉంటావు."

నిజమేనేమో! పరీక్ష హాల్లో ఆ ప్రశ్న దగ్గర ఎందుకు సి నొక్కానో నాకు గుర్తులేదు. తెర మీద గడియారం ఎర్రగా మారడం గుర్తుంది. వెనక కుర్చీలో ఎవరో దగ్గడం గుర్తుంది. నా వేళ్ళు చెమటకి జారడం గుర్తుంది. ఆలోచన మాత్రం గుర్తులేదు. మూడుసార్లు ఇలాగే నేనే రైటని పోట్లాడి ఫెయిలయ్యాను. నాలుగోసారీ అదే చేస్తున్నానేమో. కీ ఒకటి చెబుతోంది, నాకు నేర్పినది అదే చెబుతోంది, నేనొక్కదాన్ని ఇంకోటి అంటున్నాను. నా బుర్ర మీద నాకే నమ్మకం పోవడం ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

కీ మీద అభ్యంతరాలకి ఆ సాయంత్రం ఐదింటి వరకే గడువు. ఒక ప్రశ్నకి ఒక్కరు ఒక్కసారే పంపాలి. ఐదువందల అక్షరాలు దాటకూడదు. అభ్యర్థి అడిగినది మాత్రమే నిపుణులు పరిశీలిస్తారని, ఒకటి అడిగితే ఇంకోటి ఇవ్వరని, తుది కీ మీద మళ్ళీ అభ్యంతరాలు తీసుకోరని నోటీసులో పెద్దక్షరాల్లో ఉంది.

ఆఫీసుకి సెలవు చెప్పి కూర్చున్నాను. మొదట రాసింది ఇదీ: 'ఈ కీ తయారుచేసినవారికి చదవడం వచ్చా? ఏళ్ళ తరబడి కష్టపడి రాసేవాళ్ళతో ఆటలాడుకుంటున్నారా?' చదువుకుంటే బాగానే ఉంది. కడుపు చల్లబడింది. రెండోసారి చదువుకుంటే అందులో ఫ్యాక్టరీ లేదు, గంటలు లేవు, విశ్రాంతి లేదు. నా ఏడుపు తప్ప ఏమీ లేదు. కొట్టేశాను.

అప్పుడు ఆ ప్రశ్నని బుడంకాయ పద్ధతిలోనే చూడాలనుకున్నాను. కాగితం మీద ముందు ఒక్క ముక్క రాసుకున్నాను: ఎవరి వాదన? గంటల వల్ల ప్రమాదాలు తగ్గాయన్నది యాజమాన్యం మాట. రచయిత ఆ మాట చెప్పి, 'కానీ' అని పక్కకి తోసేశాడు. రచయిత సొంత మాట ఆఖరి వాక్యంలో ఉంది. విశ్రాంతి వల్ల తగ్గాయన్నాడు. గంటలు లేని చోట కూడా ప్రమాదాలు తగ్గాయంటే దెబ్బ తగిలేది యాజమాన్యానికి. రచయితకి ఇంకా బలమే చేకూరుతుంది!

సంతోషపడటానికి కూడా భయపడ్డాను. ఈసారి నా మాటనే పడగొట్టాలని చూశాను. ఏ వాక్యం నిజమైతే నా వాదన కూలుతుంది? ఫ్యాక్టరీ బయట సంగతి అనవసరం అన్నది ఒకటి. కానీ రచయిత చూపించిన ఆధారం షిఫ్టు తగ్గడం. ముగింపులో అన్నది విశ్రాంతి. షిఫ్టు తగ్గితే విశ్రాంతి దొరికినట్టేనని మధ్యలో చెప్పకుండానే గెంతేశాడు. మిగిలిన గంటల్లో కూలికి పోతే విశ్రాంతి ఎక్కడిది? బయట సంగతి అనవసరం కాదు, గొయ్యి అక్కడే ఉంది. ఇంకోటి, సిలో 'చాలామంది' అన్నారు గానీ 'అందరూ' అనలేదు. నిజమే. అయినా పూర్తిగా పడగొట్టక్కర్లేదు, అనుమానం పుట్టిస్తే చాలు. మిగతా మూడింట్లో ఏదీ ఆ మాత్రం అనుమానం కూడా పుట్టించదు. నాలుగు వైపుల నుంచీ తోశాను. కదల్లేదు.

మూడు గంటలైంది. బుడంకాయని పిలిచాను.

పిలిచాక గాని అసలు సంగతి నాకు తట్టలేదు. కీ మారితే నాకు ఒప్పవుతుంది, దానికి తప్పవుతుంది. నా పదిహేడుంబావు పద్దెనిమిదిన్నర అవుతుంది. దాని పద్దెనిమిదిన్నర పదిహేడుంబావు అవుతుంది. తక్కెడలో ఇటు పెట్టినదాన్ని అటు పెట్టినట్టే. పొద్దున బినే రైటని అది గట్టిగా అన్నది ఇందుకేనా అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాను. అది రైటా తప్పా అన్నది వేరు, అది ఎందుకు అంటోందన్నది వేరు. నాలుగు నెలలు నాకు నేర్పింది అదే కదా!

అది కాగితం తీసుకుని కిటికీ దగ్గర నిలబడి చదివింది. వీధిలో ఎవడో మోటారుసైకిల్ స్టార్టు కాక తన్నుతున్నాడు. అది చదువుతూనే ఉంది. అంత చిన్న కాగితానికి అంతసేపా అని అరవబోయి నోరు మూసుకున్నాను.

"ఎవరి వాదన అని చూసుకోలేదు వదినా" అంది చివరికి. ముఖం పాలిపోయింది. "కారణం లేకుండా ఫలితం అనే లెక్క కనపడగానే నొక్కేశాను. పొద్దున కూడా పేరా మళ్ళీ చదవలేదు. కీలో బి ఉందని చూసి ఊరుకున్నాను."

అత్తగారికి మార్కుల లెక్క తెలియదు గానీ మా ముఖాల లెక్క తెలుసు. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చారు. ఏమైందని నిలదీస్తే బుడంకాయే చెప్పింది. విని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఒకరు కోడలు, ఒకరు కూతురు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఇద్దరికీ మార్కొచ్చేలా రాయడానికి లేదా?" అన్నారు మెల్లగా.

లేకేం, ఉంది. ప్రశ్నే గందరగోళంగా ఉంది, బి కూడా సరైనదే, సి కూడా సరైనదే, కాబట్టి ప్రశ్న రద్దు చెయ్యండి అని రాయొచ్చు. రద్దయిన ప్రశ్నకి అందరికీ మార్కు ఇస్తారని నోటీసులోనే ఉంది. అప్పుడు ఇద్దరం పద్దెనిమిదిన్నరే. ఆ ఆలోచన రాగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆత్రంగా కాగితం లాక్కున్నాను.

"అదే రాస్తాను. అత్తయ్యా, మీరు బంగారం!"

"రాయకు" అంది బుడంకాయ.

"నోరు ముయ్యి. నీకేం తెలుసు?"

"రాస్తే దాన్ని పడగొట్టే వాక్యం ఏదో నువ్వే చెప్పు వదినా. అక్కడ కూర్చునే నిపుణుడివి నువ్వేననుకో."

జవాబు పేరాలోనే ఉంది. 'అసలు కారణం విశ్రాంతి' అన్న ఆఖరి వాక్యం. అది ఉండగా బి రచయితని ఏ విధంగానూ బలహీనపరచదు. గందరగోళం ఎక్కడా లేదు. ఉన్నది తప్పు కీ ఒక్కటే. రద్దు చెయ్యమని అడిగితే, రద్దు చెయ్యక్కర్లేదని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. అడిగింది అంతే కాబట్టి ఇంకేమీ చూడరు. బి అలాగే ఉంటుంది. నేను పోతాను.

"పోతే పోనీ" అన్నాను. కళ్ళు మండుతున్నాయి. "నీ నోటి దగ్గర కూడు నేనే లాక్కోవాలా? నేను పంపను. నువ్వు దాటావు. అంతే. ఇంట్లో ఒక్కరు దాటారు, చాలు."

"నీకు ఇదే ఆఖరిసారి. నాకింకా తొమ్మిదేళ్ళున్నాయి."

"తొమ్మిదేళ్ళూ ఇదే మార్కు వస్తుందని ఎవడు రాసిచ్చాడే నీకు?"

"ఎవడూ రాసివ్వలేదు" అంది. "నాకూ భయంగానే ఉంది. అలా అని తప్పుని రైటంటానా?"

అత్తగారు మంచం పట్టె మీద కూలబడి, "నన్నేమీ అడక్కండి, నన్నేమీ అడక్కండి" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాలుగున్నర దాటింది. నేను నా పేరుతో లాగినై ఉన్న పేజీ ముందు కూర్చున్నానే గాని, ఒక్క అక్షరం కూడా టైపు చెయ్యలేదు. బుడంకాయ నా పక్కకి వచ్చి కూర్చుంది. నేను రాసినదంతా తనే టైపు చేసింది. ఒక చోట ఆగి, "'యాజమాన్యం వాదన వేరు, రచయిత వాదన వేరు' అన్నది మొదటి వాక్యంలోనే పెడదాం వదినా, వాళ్ళు మొదటి వాక్యమే జాగ్రత్తగా చదువుతారు" అంది. మార్చింది. అక్షరాలు లెక్కచూసింది. నాలుగువందల ఎనభై ఆరు.

నేను వద్దని దాని మణికట్టు పట్టుకున్నాను. అది ఇంకో చేత్తో 'పంపు' నొక్కింది.

తుది కీ రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ నేను దేనికి భయపడ్డానో నాకే తెలియదు. కీ మారదేమోనని భయం. మారుతుందేమోనని అంతకంటే భయం. ఆఫీసులో దస్తావేజుల మీద ముద్ర తలకిందులుగా వేసి తిట్లు తిన్నాను. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా ఆయన మాత్రం ఒకరోజు అన్నం కలుపుతూ, "ఇద్దరిలో ఎవరికొచ్చినా నాకు సంతోషమే" అన్నాడు. ఆయన మీద కంచం విసిరేద్దామనిపించింది.

పదమూడో రోజు పొద్దున మెసేజ్ వచ్చింది. ఇరవై రెండో ప్రశ్నకి ఎదురుగా బి తీసేసి సి పెట్టారు. పక్కన 'కీ సవరించబడినది' అని ఉంది.

బుడంకాయ నాదే ముందు తెరిచింది. "పద్దెనిమిదిన్నర. వదినా, దాటావు!" అని నా భుజాలు పట్టుకుని ఊపింది. నేను ఊగాను గానీ నవ్వలేకపోయాను. అది తనది తెరవలేదు. తెరవక్కర్లేదు కూడా, ఇద్దరికీ నోటికొచ్చిన లెక్కే.

"నా వల్లే నీకు పోయిందే" అన్నాను. ఎంత ఆపుకున్నా ఏడుపొచ్చేసింది. "నేను ఆ అభ్యంతరం పెట్టకపోతే నీకు వచ్చుండేది."

అది తల అడ్డంగా ఊపింది.

"నువ్వు పెట్టకపోయినా నా జవాబు తప్పే కదా వదినా. నాకు పోయింది నేను బి పెట్టడం వల్ల. నీ వల్ల కాదు" అంది.

నేను వెతికాను. అన్నేళ్ళు లాయరమ్మనని పేరు తెచ్చుకున్నదాన్ని, ఆ మాటని ఎక్కడైనా పడగొట్టగలనేమోనని వెతికాను. దొరకలేదు.

అది లాప్‌టాప్ మూసి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను వెనకే లేవబోతే అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టారు.

"కాసేపు ఏడవనీ" అన్నారు.